గృహప్రవేశానికి గడియారం వద్దు

చిట్టితల్లీ,

తైపేలో మీ మేనేజరు గృహప్రవేశానికి మంచి గోడ గడియారం చూశానని రాశావు. అది కొనకు తల్లీ.

అక్కడ మాట్లాడే చైనా భాష మాండరిన్‌లో గడియారం ఇవ్వడాన్ని "సోంగ్ జోంగ్" అంటారు. కన్నవాళ్ళను ఆఖరి ఘడియల్లో దగ్గరుండి సాగనంపడాన్నీ సరిగ్గా అలాగే, అదే స్వరంతో అంటారు. రాతలో అక్షరం వేరు, చెవికి తేడా లేదు. 2015లో బ్రిటన్ మంత్రి సూసన్ క్రేమర్ తైపే మేయర్ కో వెన్-జెకి ఒక జేబు గడియారం ఇస్తే, ఆయన దాన్ని పాత ఇనుము వాడికి అమ్మేయొచ్చని విలేకరులతో అన్నాడు. పాపం, ఆవిడ తనకు తెలియదని క్షమాపణ చెప్పుకుంది. నిజానికి వాచీకి అక్కడ "బ్యావ్" అని వేరే మాట ఉంది. అయినా చెడ్డపేరు దానికీ అంటుకుంది.

నాలుగు అంకెను కూడా అక్కడ ఇలాగే అశుభమంటారా అని అడిగావు కదా. అది ఇంత అచ్చంగా కలవదు. నాలుగుకీ చావుకీ ఒకటే పలుకు, స్వరం వేరు. నాలుగు అనేటప్పుడు గొంతు పైనుంచి దిగుతుంది, చావు అనేటప్పుడు అడుగుకు వెళ్ళి లేస్తుంది. మాండరిన్‌లో స్వరాలు తీసేస్తే మిగిలే పలుకులు సుమారు 400. అన్ని మాటలూ వాటిలోనే సర్దుకోవాలి కాబట్టి ఇలాంటి పోలికలు అడుగడుగునా తగులుతాయి. అందుకే ఆసుపత్రి లిఫ్టుల్లో చాలాచోట్ల 3 తర్వాత 5 ఉంటుంది. అలాగని నాలుగంటేనే హడలిపోరు. విందుల్లో "నాలుగు సంతోషాలు" అని నాలుగు పెద్ద మాంసపు ఉండలు వడ్డిస్తారు. అంతస్తుకో ఫోనుకో నంబరుగా ఒంటరిగా వినిపించినప్పుడే మనసు కీడు శంకిస్తుంది.

పెళ్ళికి పిలిస్తే మాత్రం మన వెయ్యినూటపదహార్ల అలవాటు పక్కన పెట్టు. 1100, 1300 లాంటి బేసి వందలు అక్కడ చావు ఇంటికి తెల్ల కవరులో ఇచ్చే లెక్క. పెళ్ళికి ఎర్ర కవరులో 1600, 2200, 3600 ఇలా పెడతారు. 2400 సరి సంఖ్యే అయినా, నాలుగుంది కాబట్టి వద్దు.

గడియారం ఈపాటికే కొనేసి ఉంటే, ఇచ్చేటప్పుడు వాళ్ళ దగ్గర ఒక నాణెం అడిగి తీసుకో. అప్పుడది బహుమతి కాదు, వాళ్ళు కొనుక్కున్నట్టు. కానీ నా మాట వింటే, అనాసపండు కేకుల పెట్టె పట్టుకెళ్ళు. తైవానీ భాషలో అనాస "ఓంగ్ లాయ్", అంటే కలిసిరావడం అని కూడా వినిపిస్తుంది. కొత్త ఇంటికి అంతకంటే మంచిది లేదు. నర్సుగా చేసే నీ రూమ్మేట్‌కి మాత్రం నైట్ డ్యూటీకి వెళ్ళే ముందు అది పెట్టకు. పేషెంట్లు కూడా అలాగే వచ్చిపడతారని ఆసుపత్రుల్లో అనాస ముట్టరు.

మీ నాన్న