ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్‌పై తల్లిదండ్రులకు ఉచిత ఆన్‌లైన్ వెబినార్: జూన్ 21, ఆదివారం

మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రులకు, సంరక్షకులకు ప్రధానోపాధ్యాయుని నమస్కారాలు.

కేంద్ర ప్రభుత్వం 2008లో ప్రారంభించిన నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పథకం గురించి, అంటే మనమందరం ఎన్‌ఎంఎంఎస్ అని పిలుచుకునే పరీక్ష గురించి, జూన్ 21వ తేదీ ఆదివారం సాయంత్రం 7 గంటల నుంచి 8.15 వరకు ఆన్‌లైన్‌లో ఒక వెబినార్ నిర్వహిస్తున్నాము. పొలం పనులు, కూలి పనులు ముగించుకుని ఇంటికి చేరే వేళ అని ఈ సమయాన్ని ఎంచుకున్నాము. దీనికి ఎలాంటి రుసుము లేదు. ఇంట్లో ఒక స్మార్ట్‌ఫోన్ ఉంటే చాలు; ఒకే ఫోన్ ముందు తల్లి, తండ్రి, విద్యార్థి ముగ్గురూ కూర్చుంటే మరీ మంచిది.

ఈ పథకంలో ఎంపికైన విద్యార్థికి 9వ తరగతి నుంచి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం వరకు ఏటా 12,000 రూపాయల చొప్పున, నాలుగేళ్లలో మొత్తం 48,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో జమ అవుతాయి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల్లో 8వ తరగతి చదువుతూ, 7వ తరగతిలో కనీసం 55 శాతం మార్కులు తెచ్చుకుని, కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షల రూపాయలు మించని పిల్లలు ఈ పరీక్ష రాయవచ్చు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది. ప్రైవేటు పాఠశాలల్లోనూ, కేంద్రీయ, నవోదయ విద్యాలయాల్లోనూ, ప్రభుత్వమే వసతి, భోజనం కల్పించే గురుకులాల్లోనూ చదివే పిల్లలకు ఇది వర్తించదు కనుక, బంధువుల పిల్లల కోసం అడిగేవారు ముందుగా ఈ సంగతి గమనించగలరు.

పరీక్ష రెండు భాగాలుగా ఉంటుంది. మేధాశక్తి పరీక్షలో 90 ప్రశ్నలు, విజ్ఞాన, సాంఘిక, గణిత శాస్త్రాలకు సంబంధించిన రెండో భాగంలో 90 ప్రశ్నలు ఉంటాయి. ఒక్కో భాగానికి 90 నిమిషాల సమయం ఇస్తారు, అంటే ప్రశ్నకు ఒక నిమిషం మాత్రమే. రెండో భాగం మా ఉపాధ్యాయులు తరగతిలో చెప్పే పాఠాలే. మన పిల్లలు తడబడేది మొదటి భాగంలో, ఎందుకంటే అలాంటి ప్రశ్నలు పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించవు. 3, 8, 15, 24 తరువాత ఏ సంఖ్య వస్తుందని అడిగితే, పక్కపక్క సంఖ్యల మధ్య తేడా 5, 7, 9గా పెరుగుతోందని, కాబట్టి తరువాతి తేడా 11 అని గ్రహించిన విద్యార్థి వెంటనే 35 అని గుర్తిస్తాడు. ఆ అలవాటు లేని విద్యార్థి, లెక్కల్లో ఎంత చురుకైనవాడైనా, అక్కడే మూడు నిమిషాలు పోగొట్టుకుంటాడు. రెండు భాగాల్లో కలిపి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 32 శాతం మార్కులు రావాలి, అయితే అది అర్హత మాత్రమే. ఎంపిక మెరిట్ ప్రకారం జరుగుతుంది. ఇంటి దగ్గర రోజుకు ఎన్ని ప్రశ్నలు, ఏ వరుసలో సాధన చేయించాలో మా గణిత ఉపాధ్యాయుడు వెబినార్ మొదటి భాగంలో వివరిస్తారు.

అయినా మా ఆందోళనంతా పరీక్ష గురించి కాదు. కష్టపడి ఎంపికైన పిల్లలకు కూడా కొన్నిసార్లు డబ్బు చేతికి అందడం లేదు, దానికి కారణం చాలావరకు కాగితాల్లోనే ఉంటోంది. ఎంపికైన విద్యార్థి 9వ తరగతిలో జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ scholarships.gov.in లో నమోదు కావాలి. అక్కడ పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలను ఆధార్‌తో సరిచూస్తారు. ఉదాహరణకు బడి రికార్డులో ‘కె. లావణ్య’ అని, ఆధార్‌లో ‘కొండపల్లి లావణ్య’ అని ఉందనుకోండి. మన కంటికి ఇద్దరూ ఒక్కరే, కానీ కంప్యూటరుకు ఇద్దరు. అప్పుడు దరఖాస్తు పరిశీలనలో ఆగిపోతుంది, సవరించుకునేలోగా గడువు దాటిపోతుంది. ఆధార్‌లో పేరును రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకునే వీలుంటుంది కాబట్టి తొందరపడి ఆధార్ కేంద్రానికి పరుగెత్తకుండా, రేపు పదో తరగతి మార్కుల జాబితాలో ఏ పేరు రాబోతోందో మా కార్యాలయంలో చూసుకుని, ఆ తరువాతే ఏ కాగితాన్ని సవరించాలో నిర్ణయించుకోవాలని కోరుతున్నాము.

బ్యాంకు ఖాతా విషయం ఇంకొంచెం చిక్కైనది. విద్యార్థి పేరున ఖాతా తెరిచి, పాస్‌బుక్ తెచ్చుకుని, ఆధార్ నకలు ఇచ్చేసి వచ్చాం కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అయితే ప్రభుత్వం జమ చేసే డబ్బు, పాస్‌బుక్‌లో ఉన్న ఖాతా సంఖ్యను బట్టి కాకుండా, ఆ ఆధార్ సంఖ్యకు చివరిసారిగా ఏ బ్యాంకును సీడింగ్ చేశారో, అంటే ప్రభుత్వ సొమ్ము జమ కోసం జోడించారో, ఆ బ్యాంకుకే చేరుతుంది. బ్యాంకు ఆధార్ నకలు తీసుకోవడం వేరు, సీడింగ్ చేయడం వేరు; రెండోదానికి బ్యాంకులో విడిగా సమ్మతి పత్రం ఇవ్వాలి. మరో పథకం కోసం ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి అక్కడ సీడింగ్ చేయించి ఉంటే, సొమ్ము ఆ ఖాతాకు వెళుతుంది, మీరు మాత్రం ఈ పాస్‌బుక్‌లో ఎదురుచూస్తూ ఉంటారు. myaadhaar.uidai.gov.in లో Bank Seeding Status అన్న చోట ఏ బ్యాంకు పేరు వస్తుందో చూసుకోవడం ఎలాగో వెబినార్‌లో తెర మీద చేసి చూపిస్తాము. దీనికి ఓటీపీ రావాలి కనుక, పిల్లల ఆధార్‌కు జోడించిన ఫోన్ నంబరు ఇప్పటికీ మీ దగ్గరే ఉందో లేదో ఈలోగా సరిచూసుకోండి.

ఇంకొక మాట నిక్కచ్చిగా చెప్పక తప్పదు. పదో తరగతిలో 60 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులైతే 55 శాతం మార్కులు వస్తేనే స్కాలర్‌షిప్ ఇంటర్‌లో కొనసాగుతుంది. అది కూడా ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కళాశాలలో చేరితేనే. ప్రైవేటు జూనియర్ కళాశాలలో గానీ, డిప్లొమా కోర్సులో గానీ చేరితే మిగిలిన 24,000 రూపాయలు ఆగిపోతాయి. పిల్లలను ఎక్కడ చేర్చాలన్నది మీ ఇష్టం, కానీ ఈ లెక్క తెలిసి చేర్చడం మంచిదని నా అభిప్రాయం. ప్రతి సంవత్సరం పోర్టల్‌లో రెన్యువల్ చేయించుకోవాలన్న సంగతిని కూడా చాలామంది మరచిపోతుంటారు.

ఈ వెబినార్ ముఖ్యంగా 8వ తరగతి తల్లిదండ్రుల కోసం. 7వ తరగతి వారు హాజరైతే కాగితాలు చక్కదిద్దుకోవడానికి ఒక ఏడాది సమయం దొరుకుతుంది. ఇప్పటికే ఎంపికై 9, 10 తరగతుల్లో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు వెబినార్‌లో కాగితాలు, బ్యాంకు ఖాతా గురించి చెప్పే రెండో భాగం మరింత ఉపయోగపడుతుంది.

పాల్గొనదలచినవారు జూన్ 19 శుక్రవారం సాయంత్రం లోపు తరగతి వాట్సాప్ గ్రూపులో పంపిన ఫారంలో విద్యార్థి పేరు, తరగతి, మీ ఫోన్ నంబరు నింపాలి. ఫారంలో ఆధార్ సంఖ్యను గానీ, బ్యాంకు వివరాలను గానీ మేము అడగము. ఎవరైనా అడిగితే ఇవ్వకండి. వాట్సాప్ లేనివారు పిల్లల ద్వారా తరగతి ఉపాధ్యాయునికి చీటీ పంపినా, కార్యాలయంలో పేరు రాయించినా సరిపోతుంది. నమోదైనవారికి శనివారం సాయంత్రం లింకు అందుతుంది. ఫోన్ లేని కుటుంబాల కోసం ఆదివారం సాయంత్రం పాఠశాల డిజిటల్ తరగతి గదిని తెరిచి ఉంచుతాము.

కూర్చునేటప్పుడు విద్యార్థి ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఆదాయ ధ్రువీకరణ పత్రం ఉంటే అదీ దగ్గర పెట్టుకోండి. చివరి 20 నిమిషాలు మీ ప్రశ్నలకే కేటాయించాము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు