నెయ్యి ధరను వెన్నతో తూచి చూడు

చిత్తూరు,
జనవరి 18.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

మేమిక్కడ క్షేమం. తిరుపతిలో మీ ఇంటి దగ్గర బజారులో విడి నెయ్యి కిలో 480 రూపాయలకు దొరుకుతున్నదనీ, పూస కట్టి చూడ్డానికి బాగున్నదనీ, నెలకు సరిపడా కొనమంటావా అనీ అడిగావు. కొనవద్దు. ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే రేపు ఇంకో అంగడిలో ఇంకో ధర చెప్పినప్పుడు ఆ లెక్క నువ్వే వేసుకోవాలి.

పోయిన ఆదివారం నేను మన పాలవాళ్ల దగ్గర కిలో వెన్న 540 రూపాయలకు తెచ్చి, కాచి, చల్లారిన తరువాత తూచాను. 780 గ్రాముల నెయ్యి వచ్చింది. మంచి వెన్నలో కూడా కొవ్వు నూటికి ఎనబై పాళ్లకు అటూ ఇటూగానే ఉంటుంది, మిగిలినది నీళ్లూ మజ్జిగ విరుగుడూ. నీళ్లు ఆవిరైపోతాయి, విరుగుడు అడుగున మడ్డిగా మిగులుతుంది. అంటే కిలో నెయ్యి కావాలంటే సుమారు కిలోంబావు పైచిలుకు వెన్న కాచాలి. నాకు కిలో నెయ్యి దాదాపు 690 రూపాయలకు పడింది, గ్యాసు ఖర్చు వేరు. వ్యాపారికి వెన్న మనకంటే వంద రూపాయలు తక్కువకే దొరుకుతుందని అనుకున్నా, అతనికి వెన్న ఖర్చే 560 దాటుతుంది. అలాంటప్పుడు 480కి అమ్మేవాడు ఆ డబ్బాలో వెన్న కానిదేదో కలపకుండా ఎలా అమ్మగలడు? కాబట్టి నెయ్యి ధర అడిగే ముందు ఆ ఊళ్లో ఆ రోజు వెన్న ధర అడుగు. వెన్న కంటే నెయ్యి చవకగా ఉంటే వాసన కూడా చూడనక్కరలేదు.

పూస కట్టింది కదా అని నువ్వు రాశావు. పూస కట్టడం నిదానంగా చల్లారడం వల్ల వస్తుంది. ఈ చలిలో వనస్పతిలాంటి గడ్డకట్టే కొవ్వును కూడా మెల్లగా చల్లారనిస్తే గింజ కడుతుంది, మంచి నెయ్యినే గబగబా చల్లబరిస్తే నున్నగా గడ్డకడుతుంది. అరచేతిలో వేస్తే కరిగిందన్న పరీక్ష కూడా అంతే. మన ఒంటి వేడికి నెయ్యీ కరుగుతుంది, వనస్పతి కూడా చాలావరకు కరుగుతుంది. రంగు చూసి కూడా మోసపోవద్దు. ఆవు నెయ్యి పచ్చగా, గేదె నెయ్యి తెల్లగా ఉండడం సహజమే కానీ, తెల్లటిదానికి పసుపు రంగు వేయడం ఎవరికైనా చేతనవుతుంది.

వనస్పతిలో నువ్వుల నూనె కొంత తప్పనిసరిగా కలపాలని మన దేశంలో నియమం ఉంది. నెయ్యిలో వనస్పతి కలిపితే, గాఢమైన ఆమ్లంతో చేసే పరీక్షలో ఆ నువ్వుల నూనె వల్లనే ఎర్ర రంగు తేలి పట్టుబడుతుంది. అది ప్రయోగశాలలో చేయవలసిన పని, వంటింట్లో ఆ ఆమ్లం ముట్టుకోవద్దు. పైగా నువ్వుల నూనె లేని పామాయిలు కలిపితే ఆ రంగు రాదు. ఇంట్లో నువ్వు నిశ్చింతగా చేయగలిగింది ఒక్కటే: అర చెంచా నెయ్యి గానీ వెన్న గానీ గాజు గిన్నెలో వేసి, మందుల అంగడిలో దొరికే టింక్చర్ అయోడిన్ రెండు మూడు చుక్కలు వేస్తే, గంజి గానీ ఉడికించిన ఉర్లగడ్డ గానీ కలిపి ఉంటే నీలం రంగు తిరుగుతుంది. తరువాత దాన్ని పారబోయాలి. నీలం రాలేదంటే పిండి లేదని మాత్రమే అర్థం, వేరే నూనె లేదని కాదు.

ఇంకొక మాట. మీ ఊళ్లో పూజా సామాను అంగళ్లలో తక్కువ ధరకు దీపారాధన నెయ్యి అని డబ్బాలు పెడతారు. చాలావాటి మీద చిన్న అక్షరాలలో తినడానికి కాదని రాసి ఉంటుంది. ఆ డబ్బా పొరపాటున కూడా వంటింటి అలమరలోకి రాకూడదు, పిల్లవాడి పప్పన్నంలోకి అసలే రాకూడదు. తినే నెయ్యి డబ్బా మీద ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల లైసెన్సు సంఖ్య, తయారైన తేదీ ఉండాలి, అగ్‌మార్క్ గుర్తు కూడా ఉంటే మరీ మంచిది.

డబ్బా నెయ్యి కొనేటప్పుడు లీటరా, కిలోనా అన్నది చూసుకో. లీటరు నెయ్యి 910 గ్రాములకు మించి తూగదు. లీటరు 660 రూపాయలని రాసి ఉంటే కిలో 725 పడినట్టు. అందుకని నాకు ఇంట్లో కాచిన నెయ్యే కొంచెం చవక, కానీ వెన్న మంచిదైతేనే. దసరాకు ముందు వేరే చోట కిలో వెన్న 460కే వచ్చిందని సంతోషపడి తెచ్చాను. కత్తితో కోస్తే కోసిన చోటల్లా నీటి బొట్లు చెమర్చాయి. పొయ్యి మీద పెడితే చిటపటలు ఎంతసేపటికీ ఆగలేదు. చివరకు తూస్తే 640 గ్రాములే వచ్చింది, అంటే కిలో నెయ్యి 719 రూపాయలు. అయోడిన్ వేస్తే నీలం రాలేదు, కాబట్టి పిండి కలపలేదు, నీళ్లకే డబ్బు కట్టాను. కొత్త చోట కొంటే ముందు పావుకిలో తెచ్చి, కాచి, తూచి చూడు. 190 గ్రాములకు దగ్గరగా వస్తే ఆ వెన్న మంచిది.

కాచేటప్పుడు మందపు గిన్నె, సన్నని మంట. మొదట తెల్లని నురుగు పొంగుతుంది, నీళ్లు పోయేదాకా చప్పుడు చేస్తుంది. చప్పుడు సద్దుమణిగి, నురుగు పలచబడి, గరిటతో తీస్తే అడుగు మడ్డి లేత గోధుమ రంగులో కనిపించగానే గుప్పెడు మునగాకు వేసి దించేయి. గిన్నె వేడికే మిగిలింది కాగుతుంది. మునగాకు తడి లేకుండా తుడిచి వేయాలి, తడి మిగిలిన నెయ్యి త్వరగా పాత నూనె వాసన కొడుతుంది.

మీరు నలుగురు. మనిషికి రోజుకు ఒక చెంచా, అంటే ఐదు గ్రాములు వేసుకుంటే నెలకు 600 గ్రాములు. పొంగలికీ, శుక్రవారం ప్రసాదానికీ కలిపి చూసినా నెలకు కిలో వెన్న కాచితే సరిపోతుంది. పెద్దవాళ్లకు నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు 20 నుంచి 30 గ్రాములు దాటనవసరం లేదు, కాబట్టి దానికి తోడు రెండు లీటర్ల నూనె చాలు. తాలింపుకూ కూరలకూ మన చెనక్కాయల నూనె వాడు. గానుగ నూనె కొంటే అక్కడా ఇదే లెక్క: లీటరు నూనెకు రెండు, రెండున్నర కిలోల గింజలు పడతాయి. చెక్క అమ్ముకోగా వచ్చేది తీసేసినా, గింజల ఖర్చు కంటే నూనె చవకగా ఇస్తున్నారంటే అది గానుగ నూనె కాదు. వనస్పతి మాత్రం మన ఇంట్లో దేనికీ వద్దు.

ఇప్పటికి కాచిన నెయ్యి స్టీలు డబ్బాలో పోసి ఉంచాను. అల్లుడుగారు గురువారం ఇటు వస్తారన్నావు కదా, మీ పాత డబ్బాను కడిగి, ఎండలో తడి లేకుండా ఆరబెట్టి ఆయన చేతికివ్వు.

మీ అత్తగారికి నమస్కారాలు, బాబుకు ముద్దులు.

అమ్మ