బంతి ఎందుకు ఇవ్వలేదంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు సూటిగానే అడిగారు: "మేడమ్, బాస్కెట్‌బాల్‌కని పంపిస్తే వారం నుంచి మా అమ్మాయితో బంతి లేకుండా గెంతులు వేయిస్తున్నారట, ఎందుకు?" ఆరో తరగతి పాప. నాకూ తెలియదు. ఆ సాయంత్రం వెళ్లి కోర్టు పక్కన కూర్చున్నాను.

పరుగున రింగ్ దగ్గరికి వెళ్లి, బంతిని దాని వెనక బోర్డుకు మెత్తగా తాకించి లోపల పడేయడమే లేఅప్. పాప నేర్చుకుంటున్నది అదే. బంతి చేతిలోకి తీసుకున్నాక రెండడుగులే వేయొచ్చు. కుడిచేతివాటం వాళ్లకైతే కుడి, ఎడమ, ఆ ఎడమ కాలి మీదే పైకి. కుడి మోకాలూ కుడి చెయ్యీ కలిసి లేవాలి. ఈ పాప కుడి కాలి మీదే లేచి కుడి చేత్తోనే వేస్తోంది. దాంతో ఒళ్లు పక్కకు తిరిగి, బంతి రింగ్ అడుగున తగులుతోంది. చేతిలో బంతి ఉన్నంతసేపూ ధ్యాసంతా దాని మీదే, కాళ్లు ఎటు పోతున్నాయో తెలియదు. పీఈటీ సార్ బంతి తీసేసుకున్నది అందుకే.

రింగ్‌కు కుడివైపు ఏటవాలుగా సుద్దతో రెండు గుర్తులు గీశారు, మన తొక్కుడు బిళ్ళలా. మొదటి అడుగు పొడవు, రెండోది పొట్టి. రెండోది కూడా పొడవైతే పరుగు పైకి లేవదు. పాప రింగ్ కిందికి దూసుకుపోతుంది, బంతి బోర్డుకు ఠపీమని కొట్టుకుంటుంది. "కుడి, ఎడమ, పైకి" అని పైకి అంటూ ముందు నడక, తర్వాత పరుగు.

ఆపైన సార్ అరచేతిలో బంతి పెట్టుకుని నిలబడ్డారు. కుడి అడుగు పడేటప్పుడు పాప దాన్ని అందుకోవాలి. బంతి కనబడగానే కాళ్లు మళ్లీ తారుమారు! మర్నాడు మళ్లీ సుద్ద గుర్తులే. అవి కుదిరాక ఎడమ అడుగుతో ఒక్క డ్రిబుల్, అంటే బంతిని ఒకసారి నేలకు కొట్టి అందుకోవడం, వెంటనే ఆ రెండడుగులు. చూపు నేల మీద కాదు, బోర్డు మీది చతురస్రంలో తనవైపు పై మూల మీద.

ఈ వారం ఒక క్లాస్‌మేట్ అడ్డుకునే డిఫెండర్‌గా వచ్చింది. రింగ్‌కు లోపలివైపు, చేతులు పైకెత్తి ఊరికే నిలబడాలి. ఎగరకూడదు, బంతిని కొట్టకూడదు. అయినా పాప ఆ చేతులు చూసి బయటికి వంగిపోయింది, బంతి బోర్డు దాకా వెళ్లలేదు. సార్ మార్పించింది ఒక్కటే: బంతి బయటి భుజం దగ్గర, ఎడమ భుజం డిఫెండర్‌వైపు, గెంతు మాత్రం రింగ్ వైపే. పదింట్లో ఏడు పడ్డాక, ఆ క్లాస్‌మేట్ ఇప్పుడు పక్కనే నడుస్తూ వస్తోంది. నిజం ఆటలో డిఫెండర్ ఇంత బుద్ధిగా ఉండదు కదా అన్నాను. "ఇది ఆ చేతుల భయం పోవడానికే మేడమ్, ఎప్పుడు వేయాలో ఎప్పుడు పాస్ ఇవ్వాలో దీంతో రాదు" అన్నారు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కూడా రెండు సుద్ద గుర్తులు చాలు. కార్లు కదలని వేళ చూసుకోండి, చెప్పులతో మాత్రం వద్దు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు