రాత్రి చూసిన సవరణ, పొద్దున గుర్తులేదు

"నీలం టిక్కులు పడ్డాయి కదండీ, చూసి కూడా జవాబు ఇవ్వలేదేమిటి?" అని పోయిన వారం ఒక కస్టమర్ అడిగారు.

కావాలనే ఇవ్వలేదు. కారణం చెప్పాలంటే, రెండు నెలల క్రితం నేను చేసిన తప్పు గురించి ముందుగా ఒప్పుకోవాలి.

ఒక కస్టమర్ కోసం నేను తయారుచేస్తున్న కరపత్రం పని చివరి దశలో ఉంది. రాత్రి 9:40కి వాట్సాప్‌లో వరుసగా ఒక ఫోటో, ఒక వాయిస్ మెసేజ్, మధ్యలో ఒక చిన్న వాక్యం వచ్చాయి: "ఫోన్ నంబరులో చివరి రెండు అంకెలు మార్చాలి." నేను భోజనం దగ్గర ఉన్నాను. ఎడమ చేత్తో బొటనవేలి గుర్తు పెట్టి ఫోను బోర్లించాను. పొద్దున వాట్సాప్ తెరిస్తే చదవని మెసేజ్‌లు మాత్రమే పైకి తేలాయి. ఆ వాక్యం నేను చదివేసినదే కాబట్టి కింద ఎక్కడో మునిగిపోయింది. పాత నంబరుతోనే ఫైలు ప్రెస్సుకు వెళ్లింది. 2000 కాపీలు మళ్లీ వేయించాల్సి వచ్చింది, ఆ ఖర్చు నేనే భరించాను. ఆ బొటనవేలి గుర్తు చూసి కస్టమర్ పని అయిపోయిందనుకున్నారు. అలా అనుకోవడంలో వారి తప్పేమీ లేదు.

అసలు చూడని మెసేజ్ కంటే సగం చూసిన మెసేజ్ ప్రమాదమని అప్పుడు అర్థమైంది. చాటింగ్‌లో "చదివాను" అనే గుర్తు ఉంటుంది కానీ "చేశాను" అనే గుర్తు ఉండదు. రాత్రి పదకొండుకు జవాబులిచ్చి, పదకొండుకు కూడా దుకాణం తెరిచే ఉంటుందని మీకు అలవాటు చేసింది కూడా నేనే.

అందుకే ఈ నెల నుంచి సవరణలన్నీ మెయిల్‌కే పంపండి. ఒక్కో పనికి ఒకే మెయిల్ వరుస ఉంచి, అందులోనే జవాబులు రాస్తూ పోదాం. ఏ పేజీలో ఏ పదం తీసేయాలో, దాని స్థానంలో ఏ పదం రావాలో మీరు టైపు చేసి పంపితే నేను దాన్నే కాపీ చేసి పెడతాను. వాయిస్ మెసేజ్‌లో విన్న పేరుకు అక్షరాలు ఊహించాల్సిన బాధ ఉండదు. మెయిల్‌కు ఒక పని దినంలో జవాబు వస్తుంది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి: జవాబు అంటే పని పూర్తయిందని కాదు. "అందింది, గురువారం మధ్యాహ్నానికి ప్రూఫు పంపుతాను" అనే మాట. మునుపు ఈ రెండింటినీ కలిపేసి మాట ఇవ్వడం వల్లే చాలా గొడవలు వచ్చాయి. సాయంత్రం 6 దాటాక వచ్చిన మెయిల్‌ను మరుసటి పని దినం ఉదయం 10కి వచ్చినట్లు లెక్కిస్తాను.

వాట్సాప్‌ను మూసేయడం లేదు. "ఫైలు అందిందా", "రేపు పదకొండుకు మాట్లాడదామా" లాంటి వాటికి అది బాగానే పనికొస్తుంది. ఉదయం 11కి, సాయంత్రం 4కి చూస్తాను. పని వేళలు దాటాక రాస్తే, వాట్సాప్ బిజినెస్‌లో పెట్టిన ఒక ఆటోమేటిక్ సందేశం వస్తుంది. నా ఫోనుకు ఇంటర్నెట్ లేనప్పుడు అది కూడా రాదు, కాబట్టి అది రాకపోతే నేను మేలుకుని ఉన్నానని అనుకోకండి. ఇప్పుడు నీలం టిక్కులు కూడా ఆపేశాను. దాంతో మీ టిక్కులు నాకూ కనిపించవు, అది న్యాయమే.

అత్యవసరమైతే ఫోను చేయండి, రాత్రి అయినా సరే. అత్యవసరం అంటే నా లెక్కలో ఒక్కటే: ప్రెస్సుకు వెళ్లిన పనిని ఆపాల్సి రావడం. ప్లేట్లు తయారయ్యాక ఆపితే వాటిని మళ్లీ చేయించాలి, అచ్చు మొదలయ్యాక ఆపితే కాగితం కూడా పోతుంది. అలాంటప్పుడు మెసేజ్ పెట్టి ఎదురుచూడడం మీకే నష్టం. రంగు కాస్త ముదురుగా ఉందేమో అన్న అనుమానం మాత్రం పొద్దుటి వరకు ఆగగలదు.

మెయిల్ అలవాటు లేదని ఒక పెద్దాయన ముందే చెప్పేశారు. ఆయనతో రోజూ మధ్యాహ్నం మూడింటికి పది నిమిషాలు ఫోనులో మాట్లాడుతున్నాను. విన్న సవరణలను నేనే రాసి పంపుతాను, ఆయన "సరే" అని జవాబిచ్చాకే ఫైలు ముట్టుకుంటాను. ఇంకెవరికైనా ఇదే సులువనిపిస్తే చెప్పండి, వేళ కుదుర్చుకుందాం.

ఈ పద్ధతి మొదలుపెట్టిన ఈ మూడు వారాల్లో రెండుసార్లు నేనే నియమం తప్పి రాత్రి జవాబిచ్చాను. ఇప్పుడు రాత్రి ఏదైనా తోచినా మెయిల్ రాసి, ఉదయం 10కి వెళ్లేలా షెడ్యూల్ చేసి పడుకుంటున్నాను.

ఇప్పటికే వాట్సాప్‌లో పంపిన సవరణలను మీరు మళ్లీ పంపనక్కర్లేదు. నడుస్తున్న పనులన్నింటి చాట్లూ వెనక్కి వెళ్లి చదువుతున్నాను. శుక్రవారంలోగా ఒక్కొక్కరికీ జాబితా మెయిల్ చేస్తాను. అందులో ఏదైనా తప్పిపోతే ఆ మెయిల్‌కే జవాబుగా రాయండి.