వేలు ఎక్కడ ఆగింది?

లీడ్స్

చెల్లీ,

చిన్నాడి ఇంగ్లీషు పేపరు ఫొటోలు చూశాను. వాడికి చదవడం బాగానే వచ్చు. మార్కులు పోతున్నది ఏ ప్రశ్నకి ఏ రకం జవాబు రాయాలో తెలియక. ఇక్కడ ఆరో క్లాసు పిల్లలు మే నెలలో రాసే రీడింగ్ పరీక్షలోనూ (గంట టైము, 50 మార్కులు) ఎక్కువగా జారేది ఇక్కడే. ఇంగ్లీషు పక్కన పెట్టి, మన భాషలోనే చూపిస్తాను.

"సుబ్బాయమ్మ మూడోసారి గడియారం చూసింది. ముందున్న టీ మీద మీగడ కట్టింది. వీధిలో ఆటో చప్పుడు కాగానే గుమ్మం దాకా వెళ్ళింది. ఆటో పక్కింటి ముందు ఆగింది. తిరిగొచ్చి కూర్చుంది."

ప్రశ్న: ఏ వాహనం చప్పుడు వినిపించింది? "వాహనం" అన్న మాట పాఠంలో లేదని పిల్లలు కంగారుపడి ఏదో ఊహించి రాస్తారు. ప్రశ్నలో మాట మారినా జవాబు కాగితం మీదే ఉంది. వేలు పెట్టి చూపించగలిగితే అది నేరుగా వెతికి రాసే ప్రశ్న. "ఆటో" అని రాసి ఊరుకోవాలి. వాక్యమంతా ఎత్తి రాస్తే, అడిగింది ఏదో వాడికి తెలుసో లేదో దిద్దేవాళ్ళకి అర్థం కాదు.

ఇప్పుడిది: ఆమె ఎవరికోసమో ఎదురుచూస్తోందని ఎలా చెప్పగలవు? ఇక్కడ వేలు ఆగేది జవాబు మీద కాదు, ఆనవాళ్ళ మీద. అందుకే రెండు ముక్కలూ రాయాలి: ఏమనిపించింది, ఏ మాట వల్ల. "ఆమె ఆత్రంగా ఉంది, మూడోసారి గడియారం చూసింది కాబట్టి. ఆ ఆటోలో తను చూస్తున్నవాళ్ళెవరో వచ్చారనుకుంది, చప్పుడు కాగానే గుమ్మం దాకా వెళ్ళింది కాబట్టి." ఇక్కడి పరీక్షలో మూడు మార్కుల ప్రశ్నకి ఇలాంటివి రెండు విషయాలు కావాలి, కనీసం ఒకదానికైనా పాఠంలోంచి ఆధారం ఉండాలి. మీ బోర్డు లెక్క వేరే కావచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

చిన్నాడు చేసేది ఇంకోటి ఉంది. "కొడుకు కోసం చూస్తోంది" అని రాసేస్తాడు. కొడుకని ఎక్కడుంది? కూతురు కావచ్చు, మొగుడు కావచ్చు. ఆధారం "ఎవరో" దాకానే తీసుకెళ్తుంది, అక్కడే ఆగాలి.

"ఎందుకు" అని కనబడితే ఊహించాల్సిందే అని వాడికెవరో చెప్పినట్టున్నారు. అది తప్పు. "కరెంటు పోయిందని దీపం వెలిగించింది" అని పాఠంలోనే ఉంటే, దీపం ఎందుకు వెలిగించిందన్నది వెతికి రాసేదే. ప్రశ్నలో మాట చూసి కాదు, పాఠంలోకి వెళ్ళాకే ఏ రకమో తేల్చుకోవాలి.

రెండో పాసేజీ వాడిచేత మళ్ళీ చేయించు. ప్రతి జవాబు పక్కన వేలు ఎక్కడ ఆగిందో ఆ లైను నంబరు వేయమను. ఫొటో తీసి పంపితే ఆదివారం చూస్తాను. మరిదిగారిని అడిగానని చెప్పు.

మీ అక్క