4.4 వెనక ఉన్న పదహారు మంది

చిట్టితల్లీ,

నిన్న రాత్రి నువ్వు పంపిన రెండు స్క్రీన్‌షాట్లూ చూశాను. ఉద్యోగులు తమ కంపెనీలకు ఐదుకి ఇన్ని స్టార్లని ఇచ్చే గ్లాస్‌డోర్ సైట్‌లో మాదాపూర్‌లోని చిన్న కంపెనీకి 4.4, గచ్చిబౌలిలో పెద్ద కంపెనీకి 3.6. "ఇంకేం చూడాలమ్మా, చిన్నదాంట్లోనే చేరతాను" అన్నావు. ఫోన్లో చెబితే సగం గుర్తుండదని కూర్చుని రాస్తున్నాను. ఎందులో చేరాలన్నది నీ ఇష్టం, అందులో నేను వేలు పెట్టను. కానీ ఆ 4.4 ఒక్కటే చూసి మాత్రం చేరకు.

నేను ఇరవై రెండేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేశాను. ఆ నంబర్ ఎలా తయారవుతుందో లోపలి నుంచి చూశాను. ఒక కంపెనీలో ఉన్నప్పుడు, క్యాంపస్ సెలక్షన్లకు వెళ్లే ముందు మా రేటింగ్ తక్కువగా ఉందని పైవాళ్లు కంగారుపడ్డారు. ప్రతి టీమ్ నుంచి నలుగురైదుగురి చేత మంచి రివ్యూలు రాయించమన్నారు. నేను రాయించాను. ప్రొబేషన్‌లో ఉన్న పిల్లలు కాదనలేక రాశారు. అది తప్పని నాకు అప్పుడే తెలుసు. ఆ రివ్యూలు చదివి ఎవరైనా చేరి ఉంటారేమో అన్న బాధ ఇప్పటికీ ఉంది. నీకు ఇంత వివరంగా రాయడానికి అదీ ఒక కారణం. ఇది మా ఒక్క ఆఫీసులో జరిగిన సంగతి కూడా కాదు. 2019లో వాల్‌స్ట్రీట్ జర్నల్ గ్లాస్‌డోర్ రివ్యూలను పరిశీలించి, వందలాది కంపెనీలకు ఏదో ఒక్క నెలలో రివ్యూలు ఒక్కసారిగా పెరిగాయని రాసింది. అలా పెరిగిన నెలల్లో ఫైవ్ స్టార్ల వాటా మామూలు నెలల కంటే ఎక్కువ.

అందుకే పొద్దున్న ఆ చిన్న కంపెనీ రివ్యూలన్నీ తేదీల వరసలో పెట్టి చదివాను. ఉన్నవి మొత్తం 16. అందులో ఐదు స్టార్లవి 11, నాలుగు స్టార్లవి 2, మూడు స్టార్లది 1, రెండు స్టార్లవి 2. స్టార్లన్నీ కలిపితే 70. పదహారుతో భాగిస్తే 4.4 వస్తుంది, లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఆ పదకొండు ఫైవ్ స్టార్లలో ఎనిమిది మార్చిలో ఒకే వారంలో వచ్చాయి. ఎనిమిదింటిలోనూ లోపాలు రాసే Cons దగ్గర "ఏమీ లేవు" అనే అర్థం వచ్చే మాటే ఉంది. డెవలపరూ, అకౌంట్స్ మనిషీ, రిక్రూటరూ ముగ్గురూ "కుటుంబంలా ఉంటుంది" అనే రాశారు. అవి అబద్ధాలని నేను రుజువు చేయలేను. అడిగి రాయించినా నిజమే రాసి ఉండొచ్చు. వాటిని కాసేపు పక్కన పెట్టి మిగతావి చూద్దాం.

మిగిలినవి ఎనిమిది, మొత్తం 30 స్టార్లు. సగటు 3.75. ఒక్క వారం రాతలు తీసేస్తేనే 4.4 కాస్తా 3.8 అయింది. రేపు కోపంగా ఉన్న ఒక్క మనిషి వచ్చి ఒక స్టార్ ఇస్తే అది 3.4కి పడుతుంది. పెద్ద కంపెనీకి 2,300 రివ్యూలున్నాయి, అక్కడ ఒక్కరి కోపం దశాంశాన్ని కూడా కదిలించలేదు. ఇంజనీరింగ్‌లో స్టాటిస్టిక్స్ చదివావుగా, స్టాండర్డ్ డీవియేషన్‌ని రివ్యూల సంఖ్య వర్గమూలంతో భాగించి చూడు. ఈ ఎనిమిదింటికి 0.45 దాకా వస్తుంది. దానికి రెట్టింపు సగటుకు అటూ ఇటూ వేస్తే, అసలు అభిప్రాయం 2.8 నుంచి 4.7 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే ఈ ఎనిమిది రివ్యూలతో ఆ కంపెనీ 3.6 కంటే మేలో కాదో చెప్పలేం.

పైగా ఆ లెక్క, రాసినవాళ్లు ఉద్యోగుల్లోంచి యాదృచ్ఛికంగా వచ్చినవాళ్లయితేనే పనికొస్తుంది. అలా ఎవరూ రారు. గొడవపడి మానేసినవాళ్లు రాస్తారు, చేరి నెల తిరగని ఉత్సాహంలో ఉన్నవాళ్లు రాస్తారు. గ్లాస్‌డోర్‌లో ఇతరుల రివ్యూలు పూర్తిగా చూడాలంటే మనమూ ఒక రివ్యూనో, జీతం వివరాలో ఇవ్వాలనే నియమం ఒకటుంది. దానివల్ల మామూలుగా నోరు విప్పని మధ్యరకం వాళ్లూ కొంత రాస్తారు, అది మంచిదే. కానీ వాళ్లు కూడా వేరే ఉద్యోగం వెతుక్కుంటూ అక్కడికి వచ్చినవాళ్లే. హాయిగా పని చేసుకుంటూ ఐదేళ్లుగా ఉన్న మనిషికి ఆ సైట్ తెరిచే అవసరమే రాదు. ఇది 16 రివ్యూలున్నా, 2,300 ఉన్నా పోయే లోపం కాదు.

పెద్ద కంపెనీ 3.6లో ఇంకో చిక్కుంది. అందులో పుణె వాళ్లు, చెన్నై వాళ్లు, ఆరేళ్ల కిందట మానేసినవాళ్లు అందరూ ఉన్నారు. నువ్వు చేరేది హైదరాబాద్‌లో, టెస్టింగ్ టీమ్‌లో. ఊరు, ఉద్యోగం, గడిచిన ఏడాది అని వడకడితే 27 మిగిలాయి. మళ్లీ చిన్న సంఖ్యే, అందుకని వీటి సగటు నేను కట్టలేదు. మాటలు చదివాను. తొమ్మిది మంది, వేర్వేరు నెలల్లో, వేర్వేరు మాటల్లో ఒకటే చెప్పారు: అమెరికా క్లయింట్ కాల్స్ రాత్రి పదకొండు దాకా సాగుతాయని. అందులో ఇద్దరు నాలుగు స్టార్లు ఇచ్చినవాళ్లు. కంపెనీ నచ్చినవాళ్లు కూడా చెప్పిన ఇబ్బందిని నేను ఎక్కువ నమ్ముతాను.

ఇక చిన్న కంపెనీలో రెండు స్టార్లు ఇచ్చిన ఇద్దరూ, నాలుగు నెలల తేడాతో, జీతం ఇరవయ్యో తేదీ దాకా రాలేదని రాశారు. ఇద్దరే కాబట్టి కొట్టిపారేయొచ్చు. కానీ ఇలాంటి మాటను బయట సరిచూసుకునే వీలుంది. పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ EPFO వెబ్‌సైట్‌లో Establishment Search అని ఉంటుంది. కంపెనీ పేరు కొడితే, ఏ నెల పీఎఫ్ ఏ తేదీన కట్టారో, ఎంతమందికి కట్టారో ఎవరైనా చూడొచ్చు. ఒక నెల పీఎఫ్ తర్వాతి నెల 15లోపు కట్టాలి. వీళ్లు గత పన్నెండు నెలల్లో ఐదు నెలలు 25 దాటాక కట్టారు. పీఎఫ్ ఆలస్యమైతే జీతం కూడా ఆలస్యమైందని రుజువు కాదు. కానీ చేతిలో డబ్బు ఆడని కంపెనీలో తరచు రెండూ కలిసే నడుస్తాయి, ఆ ఇద్దరి మాటకు బలం వచ్చింది.

అదే పేజీలో మనుషుల సంఖ్య పోయిన జూన్‌లో 190, ఇప్పుడు 131. మొదటి ఉద్యోగంలోనే పీఎఫ్‌కి వచ్చే బేసిక్ 15,000 దాటితే పీఎఫ్‌లో చేరక్కర్లేదు కాబట్టి అసలు సిబ్బంది ఇంకొంచెం ఎక్కువే ఉండొచ్చు. అయినా ఏడాదిలో దాదాపు అరవై మంది తగ్గితే ఎందుకు తగ్గారో అడగాలి. ఆ అరవై మంది వెళ్లిపోయిన సంగతి 4.4లో ఎక్కడా కనబడదు.

మంగళవారం వాళ్ల హెచ్‌ఆర్ ఫోన్ చేస్తారన్నావుగా. రేటింగ్ మాట ఎత్తకు. గడిచిన ఆరు నెలల్లో జీతం ఏయే తేదీల్లో పడిందో అడుగు, టెస్టింగ్‌లో ఏడాది కిందట ఎంతమంది ఉండేవారో, ఇప్పుడు ఎంతమందో అడుగు. జవాబు తడబడకుండా వస్తుందో లేదో గమనించు. టీమ్‌లో రెండేళ్లుగా ఉన్న ఒకరితో పది నిమిషాలు మాట్లాడించమను. పెద్ద కంపెనీ వాళ్లనైతే రాత్రి కాల్స్ వారానికి ఎన్నో, క్యాబ్ ఇస్తారో లేదో అడుగు. నువ్వుండే హాస్టల్ గేటు పదింటికే వేస్తారు కదా.

రెండు చోట్లా ఏమన్నారో రాసిపెట్టుకుని రాత్రికి ఫోన్ చెయ్యి. నాన్న కూడా వింటానన్నారు.

మీ అమ్మ