‘ఇటీవల తెలిసింది’ అంటే ఏ రోజున?

సంపాదకులకు నమస్కారం.

జిల్లా కోర్టుల ఆవరణల్లో టైపు చేసి ఇచ్చే అఫిడవిట్ల గురించి ఈ లేఖ. పేరు, చిరునామా మార్చి అందరికీ ఒకే నమూనా అంటగడుతున్నారు. దానివల్ల న్యాయం ఉన్న కక్షిదారులు కూడా నష్టపోతున్నారు.

ఉదాహరణకు, కోర్టుకు హాజరు కాలేదని 2024 మార్చి 11న ఒకరిపై ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఆయన వాదన వినకుండానే ఇచ్చిన తీర్పు, వచ్చిందనుకుందాం. సమన్లు పాత చిరునామాకు వెళ్లాయి. జూన్ 3న కోర్టు ఉద్యోగి అయిన అమీనా జప్తు వారెంటుతో గుమ్మంలోకి వచ్చాకే ఆయనకు సంగతి తెలిసింది. అలాంటి డిక్రీ రద్దు కోరడానికి గడువు 30 రోజులు. అది డిక్రీ తేదీ నుంచి మొదలవుతుంది, సమన్లు సరిగ్గా అందకపోతే మాత్రం డిక్రీ గురించి తెలిసిన రోజు నుంచి. ఆయన జూన్ 28న దరఖాస్తు వేస్తే గడువులోనే ఉన్నట్టు. కానీ అఫిడవిట్‌లో ‘ఈ మధ్యనే తెలిసింది’ అని ఉంటే కోర్టు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి? అవతలి న్యాయవాది మొదట పట్టుకునేది ఆ మాటనే.

రాయవలసింది ఇలా: ‘నేను, ఫలానావారి కుమారుడు, వయస్సు, వృత్తి, నివాసం ఇవి, దైవసాక్షిగా ప్రమాణం చేసి తెలియజేయునది ఏమనగా:

1. 2019 నుంచి నేను ఈ చిరునామాలోనే నివసిస్తున్నాను.
2. 2024 మార్చి 11న నాపై ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చినట్లు సర్టిఫైడ్ కాపీలో ఉన్నది.
3. 2024 జూన్ 3న అమీనా వారెంటుతో వచ్చినప్పుడే ఆ డిక్రీ గురించి నాకు మొదటిసారి తెలిసింది.
4. సమన్లు పాత ఇంటి తలుపుకు అంటించారని ఆ ఇంటి పొరుగువారు (పేరు రాయాలి) 2024 జూన్ 5న నాకు చెప్పారు.’

ఒక్కో పేరాలో ఒక్కటే విషయం ఉండటం వల్ల అవతలివారు జవాబుగా వేసే కౌంటర్‌లో ‘3వ పేరా నిజం కాదు’ అని సూటిగా చెప్పవలసి వస్తుంది, దాటవేయడం కుదరదు.

అసలు గొడవంతా అఫిడవిట్ చివరనుండే వెరిఫికేషన్‌లో, అంటే రాసినవి నిజమని ధ్రువీకరించే భాగంలో ఉంది. ‘పైవన్నీ నాకు తెలిసినంతవరకు, నమ్మినంతవరకు నిజం’ అంటే ఏది కళ్లారా చూసినదో, ఏది విన్నదో తేలదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 19, రూల్ 3 ప్రకారం ప్రమాణకర్త తనకు స్వయంగా తెలిసినవే చెప్పాలి. మధ్యంతర దరఖాస్తుల్లో నమ్మకాన్నీ రాయవచ్చు, అయితే దానికి ఆధారం చూపాలి. సరైన వెరిఫికేషన్ లేని అఫిడవిట్లను సాక్ష్యంగా స్వీకరించలేమని నంబియార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ‘1, 3 పేరాలు స్వయంగా తెలిసినవి, 2వది కోర్టు రికార్డు నుంచి, 4వది పొరుగువారు చెప్పగా నిజమని నమ్మినది’ అని విడదీసి, తేదీ, ఊరు వేసి, ప్రమాణం చేయించే అధికారి ఎదుటే సంతకం చేయాలి. ముందే సంతకం చేసిన కాగితాన్ని ఎవరిచేతనో నోటరీకి పంపడం ప్రమాణం కాదు.

జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఇలాంటి నమూనాను తెలుగులో ముద్రించి ప్రతి కోర్టు నోటీసు బోర్డులోనూ పెట్టాలని కోరుతున్నాను. టైపు చేసేవారికి దాన్ని ముందుగా అందించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
ఏలూరు